ఇద్దరి జన్యువులోనూ ముందే వచ్చిన స్టాప్... జబ్బు మాత్రం నాకే ఎందుకు?

ప్రశ్న: నా వయసు 27. చిన్నప్పటి నుంచీ రక్తం తక్కువే, హిమోగ్లోబిన్ ఎప్పుడూ 8 దగ్గరే ఉంటుంది. ఇప్పటికి రెండుసార్లే రక్తం ఎక్కించారు. ప్లీహం పెరిగింది, పిత్తాశయంలో రాళ్లున్నాయి. అమ్మకీ నాన్నకీ రక్త పరీక్షల్లో ఏ తేడా లేదు. ఈ మధ్యే పెళ్లయింది. మావారు తలసేమియా క్యారియర్, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరం జన్యు పరీక్ష చేయించుకున్నాం. నా రిపోర్టులో HBB c.364G>T, కోడాన్ 121 అని ఉంది. ఆయనది c.47G>A, కోడాన్ 15. ఇద్దరికీ ఒక కాపీలోనే తేడా. రెండు రిపోర్టుల కిందా ఒకే మాట: "స్టాప్ కోడాన్ ముందుగా వచ్చింది, ఎన్‌ఎండీ వల్ల మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ నశిస్తుంది, క్యారియర్". ఆయన ప్రొటీన్ మొదట్లోనే ఆగిపోతోంది, నాది దాదాపు చివరిదాకా వస్తోంది. మరి జబ్బు నాకెందుకు? పిల్లలకు వచ్చే అవకాశం నలుగురిలో ఒకరికి అన్నారు, నిజమేనా? ఎన్‌ఎండీని ఆపే మందులున్నాయని చదివాను. వాడితే నయమవుతుందా? మా పుట్టింటి వంశంలోనే లోపముందని అత్తగారింట్లో అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.
ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రిపోర్టుల్లో ఆ అక్షరాలూ అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా కింద రాసిన వ్యాఖ్యానంలోనే. ప్రొటీన్ తయారీని ఇక్కడితో ఆపమని చెప్పే స్టాప్ కోడాన్ ముందుగా కనిపిస్తే చాలు, "ఎన్‌ఎండీ వల్ల నశిస్తుంది" అనే వాక్యాన్ని చాలా ల్యాబుల సాఫ్ట్‌వేర్ దానంతటదే అతికిస్తుంది. ఆ స్టాప్ జన్యువులో ఎక్కడ పడిందో చూడకుండా ఆ మాట రాయకూడదు. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ "ఎక్కడ"లోనే ఉంది. నలుగురిలో ఒకరు అన్న లెక్క కూడా మీ జంటకు వర్తించదు.

ముందు ఎన్‌ఎండీ అంటే ఏమిటో చూద్దాం. పూర్తి పేరు నాన్‌సెన్స్ మీడియేటెడ్ డికే. జన్యువు రాతకు నకలైన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలో స్టాప్ కోడాన్ రావలసిన చోటుకన్నా ముందే వస్తే, ఆ ఆర్‌ఎన్‌ఏను కణం పట్టుకుని నాశనం చేసే ఏర్పాటు ఇది. మరి ఏ స్టాప్ అసలుదో, ఏది ముందుగా వచ్చిందో కణానికి ఎలా తెలుస్తుంది? మూడక్షరాల మాట రెండు చోట్లా ఒకటే. అందుకే కణం ఆ మాటను బట్టి కాక, దాని తర్వాత దారిలో ఏముందో దాన్ని బట్టి తేల్చుకుంటుంది.

మీ రిపోర్టులోని HBB అంటే హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువు. ఇందులో మూడు ఎక్సాన్లున్నాయి, అంటే చివరికి ఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు. కేంద్రకంలో మధ్యనున్న ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను అతికించినప్పుడు, ప్రతి అతుకుకూ 20 నుంచి 24 అక్షరాల ముందు ఒక ప్రొటీన్ల గుంపు అంటుకుంటుంది. దాన్ని ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్ అంటారు. దర్జీ మిషన్ మీద కుట్టే ముందు వేసే కచ్చాకుట్ల లాంటివివి. ప్రొటీన్‌ను తయారుచేసే రైబోజోమ్ మొదటిసారి ఆర్‌ఎన్‌ఏను చదువుకుంటూ పోతూ దారిలో ఉన్న వీటన్నిటినీ ఊడగొట్టేస్తుంది. మామూలు జన్యువుల్లో అసలు స్టాప్ దాదాపు ఎప్పుడూ చివరి ఎక్సాన్‌లోనే ఉంటుంది. అంటే రైబోజోమ్ అక్కడికి చేరేసరికి ఊడగొట్టాల్సిందేమీ మిగలదు. మధ్యలో ఎక్కడో ఆగిపోతే మాత్రం ముందున్న కాంప్లెక్స్ అలాగే మిగిలిపోతుంది. అదే ఆనవాలు.

ఆగిన రైబోజోమ్ దగ్గరికి స్టాప్‌ను గుర్తించే ఈఆర్‌ఎఫ్1, ఈఆర్‌ఎఫ్3 వస్తాయి. వాటితోపాటు యూపీఎఫ్1 అనే ప్రొటీన్, దానికి తోడుగా ఎస్‌ఎంజీ1 అనే ఎంజైమ్ చేరతాయి. మిగిలిపోయిన కాంప్లెక్స్ మీద యూపీఎఫ్2, యూపీఎఫ్3బీ కూర్చుని ఉంటాయి. ఈ రెండు పక్షాలూ కలిస్తే ఎస్‌ఎంజీ1 యూపీఎఫ్1కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అక్కడితో ఆ ఆర్‌ఎన్‌ఏ పని అయిపోయినట్టే. ఎస్‌ఎంజీ6 దాన్ని స్టాప్ దగ్గరే తుంచుతుంది. ఎస్‌ఎంజీ5, ఎస్‌ఎంజీ7 దాని రెండు కొసలనూ కాపాడే తోకనూ టోపీనీ తీసేసే యంత్రాంగాన్ని పిలుస్తాయి. మిగిలిన ముక్కలను ఎక్స్‌ఆర్‌ఎన్1, ఎక్సోజోమ్ నమిలేస్తాయి.

ఇందులోంచే ఒక కొలత పుట్టింది: చివరి అతుకుకు సుమారు 50 నుంచి 55 అక్షరాలకు మించి వెనక స్టాప్ పడితే ఎన్‌ఎండీ పనిచేస్తుంది. అంతకన్నా దగ్గరగా పడినా, అతుకు దాటాక పడినా పనిచేయదు. దగ్గరగా పడితే ఎందుకు పనిచేయదంటారా? కాంప్లెక్స్ ఉండేదే అతుకుకు 20-24 అక్షరాల ముందు, రైబోజోమ్ తానే 30 అక్షరాల దాకా మేర ఆక్రమిస్తుంది. కాబట్టి అతుకు పక్కన ఆగినా కాంప్లెక్స్‌ను తోసేస్తుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. రిపోర్టులో c. తర్వాతి అంకె, ప్రొటీన్ రాత మొదలైన చోటినుంచి ఎన్నో అక్షరమో చెబుతుంది. బీటా గ్లోబిన్‌లో రెండో ఎక్సాన్ చివరి అక్షరం 315, మూడోది 316తో మొదలు. చివరి అతుకు ఆ రెంటి మధ్య. పోలిక కోసం ముందు మూడో వ్యక్తిని చూద్దాం. సార్డీనియా దీవిలో బీటా తలసేమియాకు ప్రధాన కారణం కోడాన్ 39లో వచ్చే స్టాప్, c.118C>T. 315లోంచి 118 తీసేస్తే 197. అంటే అతుకుకు బాగా వెనక. ఎన్‌ఎండీ చక్కగా పనిచేసి ఆ ఆర్‌ఎన్‌ఏను దాదాపు తుడిచేస్తుంది. రెండో కాపీ మంచిదైతే ఆ మనిషి మామూలు క్యారియర్, ఏ బాధా ఉండదు. ల్యాబు మీ ఇద్దరికీ రాసిన వ్యాఖ్యానం నిజానికి ఇలాంటి వాళ్లకు రాయాల్సింది.

మీది 364. అతుకు దాటి 49 అక్షరాలు ముందుకు వచ్చేసింది, చివరి ఎక్సాన్‌లో పడింది. రైబోజోమ్ అక్కడికి వచ్చేసరికి కాంప్లెక్స్‌లన్నీ ఊడిపోయి ఉంటాయి. అసలు స్టాప్ కూడా అదే ఎక్సాన్‌లో, మరో 26 కోడాన్ల దూరంలోనే ఉంది. ఇది అది కాదని చెప్పే ఆనవాలేదీ కణానికి దొరకదు. అందుకే ఆ ఆర్‌ఎన్‌ఏ భద్రంగా ఉండి, మళ్లీ మళ్లీ చదవబడి, 146 అమైనో ఆమ్లాల గొలుసుకు బదులు 120 దగ్గర తెగిన గొలుసును పెద్ద మొత్తంలో తయారుచేస్తుంది.

ఆ తెగిన గొలుసే మీ బాధలకు కారణం. బీటా గొలుసు చివర ఉండే హెచ్ హెలిక్స్ మీదానిలో లేదు. అది లేకపోతే గొలుసు సరిగ్గా మడతపడి, హిమోగ్లోబిన్‌లో దానికి జతైన ఆల్ఫా గొలుసుతో నిలకడగా కలవలేదు. జతలేని ఆల్ఫా గొలుసులు క్యారియర్లందరిలోనూ కొంత మిగులుతాయి. ఎర్రకణాలుగా మారబోయే కణాల్లోని ప్రొటీన్లను నరికే ఎంజైములు ఆ కాస్తనూ శుభ్రం చేసుకుంటాయి. మీలో దానికి తోడు తెగిన బీటా గొలుసులు కూడా చేరి, రెండూ కలిసి గడ్డకట్టి, ఎముక మజ్జలోనే ఆ కణాలను చంపేస్తాయి. రక్తం తయారవుతుంది గానీ బయటికి రాకముందే పోతుంది. ప్లీహం పెరగడం, పిత్తాశయంలో రాళ్లు ఆ విధ్వంసం జాడలే. దీన్ని డామినెంట్ బీటా తలసేమియా అంటారు. ఒక్క కాపీతోనే జబ్బు వస్తుంది కాబట్టి మిమ్మల్ని క్యారియర్ అనడం సరికాదు.

మీవారిది ఇంకా చిత్రమైన సంగతి. 315లోంచి 47 తీసేస్తే 268. కొలత ప్రకారం ఎన్‌ఎండీ తప్పక పనిచేయాలి. కానీ కణాల్లో కొలిచి చూస్తే ఈ ఆర్‌ఎన్‌ఏ దాదాపు మామూలు మోతాదులోనే మిగులుతోందని లిస్బన్‌లో లూయిసా రొమావ్ బృందం 2000లో చూపించింది. మొదలు పెట్టిన కాసేపటికే, 15 కోడాన్ల దగ్గరే రైబోజోమ్ ఆగిపోవడం ఇందుకు కారణం. అప్పటికింకా ప్రారంభ సామగ్రి దాన్ని వదలదు. ఆ సామగ్రి ద్వారా తోక మీదుండే పాలీ-ఏ బైండింగ్ ప్రొటీన్ ఆ స్టాప్ పక్కకే చేరుతుంది. ఈఆర్‌ఎఫ్3 యూపీఎఫ్1ను కాక దాన్ని పట్టుకుంటుంది, కణం ఇది మామూలు ముగింపే అనుకుంటుంది. అయితే అక్కడ తయారయ్యేది కోడాన్ 15 దగ్గరే తెగిన చిన్న తుంట. కణం దాన్ని ఇట్టే కరిగించేస్తుంది. హాని చేసే ప్రొటీన్ లేదు, ఉన్న నష్టమల్లా సగం బీటా రాకపోవడమే. అందుకే ఆయన హాయిగా ఉన్నారు.

అంటే ఎన్‌ఎండీ మీ ఇద్దరిలోనూ పనిచేయడం లేదు. ఆయనకు దానితో పని లేదు, మీకు అది కావలసి ఉంది. మీలో అది పనిచేసి ఉంటే మీరూ ఆయనలాగే క్యారియర్‌గా మిగిలేవారు.

మందుల సంగతి ఇక్కడే తేలిపోతుంది. మీలో పనిచేయనిదాన్ని ఆపితే మీకు ఒరిగేదేమీ లేదు. ఆయనలోనూ ఆర్‌ఎన్‌ఏ ఇప్పటికే ఉంది, దాన్ని కాపాడినా 15 దగ్గర ఆగే తుంటే వస్తుంది. పైగా ఎన్‌ఎండీ చెడిన ఆర్‌ఎన్‌ఏలకే పరిమితం కాదు. మామూలు జన్యువుల్లో కూడా అనేకం దాని అదుపులో ఉంటాయి, యూపీఎఫ్1 లేని ఎలుక పిండాలు బతకవు. స్టాప్‌ను దాటించి చదివించే మందుల గురించి కూడా చదివే ఉంటారు. జెంటామైసిన్ కొంతమేర ఆ పని చేస్తుంది, దీర్ఘకాలం వాడితే కిడ్నీలనూ చెవులనూ దెబ్బతీస్తుంది. అది కూడా ఏ కొద్ది రైబోజోములనో దాటిస్తుంది తప్ప మిగతావి తెగిన గొలుసును చేస్తూనే ఉంటాయి. తలసేమియాకు ఈ రకం మందు ఏదీ ఆమోదం పొందలేదు. ఎవరైనా ఆన్‌లైన్‌లో అమ్మజూపితే కొనకండి. మజ్జలో కణాలు వృథాగా చావడాన్ని తగ్గించే లస్పాటర్‌సెప్ట్ వంటివి వేరే దారిలో పనిచేస్తాయి. అవి మీకు సరిపడతాయో లేదో, గర్భం ప్లాన్ చేసే ముందు వాడొచ్చో లేదో హెమటాలజిస్టుతో మాట్లాడండి.

ఇక పిల్లల లెక్క. మీ రెండు కాపీల్లో ఒకటి బిడ్డకు వెళుతుంది, ఆయనవాటిలో ఒకటి వెళుతుంది. నాలుగు కలయికలు, ఒక్కోదానికి 25 శాతం. రెండూ మంచివి వస్తే ఏమీ ఉండదు. ఆయన కోడాన్ 15 మాత్రమే వస్తే ఆయనలాగే క్యారియర్. మీ 121 మాత్రమే వస్తే మీలాంటి జబ్బు. తీవ్రత మీకన్నా కాస్త ఎక్కువో తక్కువో కావచ్చు. రెండూ కలిసి వస్తే పనికొచ్చే బీటా గొలుసు ఒక్కటీ ఉండదు, ఏడాదిలోపే తీవ్ర రక్తహీనత మొదలై జీవితాంతం రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కాబట్టి జబ్బు అవకాశం నలుగురిలో ఒకరికి కాదు, ఇద్దరిలో ఒకరికి. ఇద్దరూ మామూలు క్యారియర్లైన జంటలకు చెప్పే లెక్కను మీకు చెప్పేశారు.

దీన్ని ముందు పెట్టుకుని మీ దారులు చూడండి. మామూలుగా గర్భం దాల్చి 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించడం ఒకటి. దీనివల్ల గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది. తలసేమియా కోసం ఈ పరీక్షకు చట్టం అనుమతిస్తుంది, లింగం మాత్రం చెప్పరు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. చాలా ల్యాబులు మన దేశంలో తరచూ కనిపించే ఐదారు మార్పుల ప్యానెల్‌నే వెతుకుతాయి. కోడాన్ 15 అందులో ఉంటుంది, మీ 121 ఉండదు. రెండూ వచ్చిన బిడ్డను కూడా ఆ ప్యానెల్ "కోడాన్ 15 క్యారియర్" అని చెప్పేస్తుంది. అందుకే శాంపిల్ ఇచ్చే ముందే మీ రిపోర్టు జతచేసి, మూడో ఎక్సాన్‌ను సీక్వెన్స్ చేయాలని రాతపూర్వకంగా అడగండి. తల్లి కణాలు శాంపిల్‌లో కలవలేదని నిర్ధారించే పరీక్ష కూడా చేయమనండి. మీ విషయంలో ఇది మరీ ముఖ్యం, మీ డీఎన్‌ఏ కలిస్తే బిడ్డలో లేని 121 ఉన్నట్టు కనిపిస్తుంది. ఫలితం చేతికొచ్చాక ఎదురయ్యే కష్టమైన ప్రశ్న వేరు: మీలాంటి బిడ్డే అని తేలితే ఏం చేస్తారు? దానికి జవాబు డాక్టరు చెప్పలేరు. రోజూ ఆ జబ్బుతో బతుకుతున్నది మీరు కాబట్టి మీ మాటకు బరువెక్కువ. పరీక్షకు వెళ్లకముందే ఇద్దరూ దీని గురించి మాట్లాడుకోండి, ఫలితం వచ్చిన రోజున కాదు.

రెండో దారి ఐవీఎఫ్ చేసి పిండాలను ముందే పరీక్షించడం. మీ 121 లేని పిండాలు సగటున సగం ఉంటాయి, వాటిలో కోడాన్ 15 ఉన్నా పెట్టించుకోవచ్చు. గర్భం వచ్చాక తీసేయాలా వద్దా అన్న వేదన చాలావరకు తప్పుతుంది. ఖర్చు ఎక్కువ, ఒకే ప్రయత్నంలో ఫలిస్తుందన్న హామీ లేదు. పిండం నుంచి తీసేది కొద్ది కణాలే కాబట్టి ఒక కాపీ పరీక్షకు చిక్కకుండా జారిపోవచ్చు. జన్యువు పక్కనున్న మార్కర్లను కూడా చూసే ల్యాబునే ఎంచుకోండి, గర్భం నిలిచాక మావి పరీక్షతో సరిచూసుకోండి. దాత అండం తీసుకుంటే 121 సమస్యే ఉండదు, కాకపోతే ఆ దాత క్యారియర్ కాదని పరీక్ష కాగితం చూడాలి. దత్తత కూడా ఒక దారే. ఏ పరీక్షా లేకుండా కనాలనుకుంటే అదీ మీ హక్కే. అప్పుడు బిడ్డ బొడ్డుతాడు రక్తంతో డీఎన్‌ఏ పరీక్ష చేయించండి. పుట్టిన కొత్తలో ఫీటల్ హిమోగ్లోబినే ఎక్కువ కాబట్టి మామూలు హిమోగ్లోబిన్ పరీక్షను నమ్ముకుంటే పొరపడతారు.

వీటన్నిటికీ ముందు ఒక పరీక్ష మిగిలి ఉంది. మీ ఇద్దరికీ ఆల్ఫా గ్లోబిన్ జన్యువుల సంఖ్య చూడమనండి. మామూలుగా నాలుగుంటాయి. ఎవరికైనా ఐదుంటే ఆల్ఫా మిగులు పెరిగి మామూలు క్యారియర్ కూడా జబ్బుపడొచ్చు. మీ ఇద్దరిలోనూ అదనపు కాపీ ఏమీ లేదని తేలితేనే "కోడాన్ 15 మాత్రమే వస్తే ఫరవాలేదు" అన్న మాటను నమ్మవచ్చు.

మీ ఆరోగ్యం విషయంలో, రక్తం తక్కువని చెప్పి ఎవరైనా ఐరన్ మాత్రలు రాస్తే పరీక్షలో ఐరన్ లోపం తేలకుండా వేసుకోకండి. మీలాంటి వారిలో రక్తం ఎక్కించకపోయినా పేగులు ఐరన్‌ను అతిగా పీలుస్తాయి. శరీరంలో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ 800 దాటితే, లేదా ఎంఆర్‌ఐలో కాలేయపు ఐరన్ గ్రాముకు 5 మిల్లీగ్రాములు దాటితే ఐరన్ తీసే మందు మొదలుపెట్టే విషయం డాక్టర్లు ఆలోచిస్తారు. ఆ మందును గర్భానికి ముందే ఆపాలి కాబట్టి ఇప్పుడే చూపించుకోవడం మంచిది. గర్భంలో హిమోగ్లోబిన్ ఇంకా తగ్గి రక్తం ఎక్కించాల్సి రావచ్చు. మీలా అరుదుగా రక్తం తీసుకున్నవారికి యాంటీబాడీలు పుట్టే ముప్పు ఎక్కువ. ఒకసారి మీ రక్తం పూర్తి గ్రూపింగ్ చేయించి కాగితం దగ్గర పెట్టుకోండి. గుండె ఎకో కూడా చేయించండి.

మీ పుట్టింటి వంశం మాటకు వస్తే, చివరి ఎక్సాన్‌లోని ఇలాంటి మార్పులు తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టడం తెలిసిన విషయమే. మీ అమ్మానాన్నల్లో ఒకరికి ఇదే మార్పు ఉంటే వారి రక్త పరీక్షల్లో కూడా తేడా తెలియాలి, తెలియలేదంటున్నారు. అమ్మానాన్నలకు c.364 ఒక్కచోట సీక్వెన్స్ చేయిస్తే తేలిపోతుంది. మీకు అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే వారికీ మామూలు రక్త పరీక్ష, హిమోగ్లోబిన్ ఏ2 చేయిస్తే చాలు.

ఇంకో చిన్న చిక్కు ఉంది. ఒక ల్యాబులో 121 అన్నదే మరో ల్యాబులో p.Glu122Ter అని వస్తుంది, మీవారి 15 p.Trp16Ter అవుతుంది. పాత పద్ధతిలో మొదటి మెథియోనిన్‌ను లెక్కపెట్టరు, కొత్తదానిలో లెక్కపెడతారు, అంతే తేడా. కొత్త మార్పు దొరికిందని కంగారు పడకండి. ఎక్కడికెళ్లినా c.364G>T, c.47G>A అనే రాతనే చూపించండి. ఈ ల్యాబుకు ఒక ఉత్తరం రాసి, c.364 చివరి ఎక్సాన్‌లో ఉంది కాబట్టి వ్యాఖ్యానం సవరించి కొత్త రిపోర్టు ఇవ్వమని అడగండి. హెమటాలజిస్టు దగ్గరికీ జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికీ ఆ సవరించిన కాగితంతోనే వెళ్లండి.